సలీనా క్రూజ్ కాంట్రాక్టులో పద్దెనిమిదో క్లాజు

మా పెద్దమ్మ కొడుకు గల్ఫ్‌లో ఒక నిర్మాణ కంపెనీలో వెల్డర్‌గా పనిచేసేవాడు. ఏడు నెలల జీతం ఆగిపోయింది. సెలవు రోజు చూసుకుని, బస్సు ఛార్జీలు అప్పు చేసి మన ఎంబసీకి వెళ్ళాడు. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడి, ముందు ఇక్కడి లేబర్ కోర్టులో కేసు వెయ్యమని చెప్పి, ఒక ఫారం ఇచ్చి పంపాడు. ఆ రాత్రి అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ తమ్ముడూ, కోర్టుకి వెళ్ళడానికైతే ఎంబసీ దాకా ఎందుకొస్తానురా? నేను ఇండియావాడినని పాస్‌పోర్టులో రాసి ఉంది కదా, మన ప్రభుత్వం అడగలేదా?"

నేను విశాఖపట్నంలో లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెబుతాను. ఆ ప్రశ్నకి సమాధానం నా నోట్సులో రెండు వాక్యాల్లో ఉంది. కానీ ఆ రెండు వాక్యాలూ ఏడు నెలలు జీతం లేని మనిషికి చెప్పాలంటే నోరు రాలేదు. మర్నాడు క్లాసులో కూడా అదే ఆలోచన. అసలు ఈ నియమాలు ఎవరి కోసం పుట్టాయో, ఎవరి చేతిలో ఎలా మారాయో మొదటి నుంచి మళ్ళీ చదివాను. చదివాక కలిగిన అభిప్రాయమే ఈ వ్యాసం.

పరాయి దేశంలో మన పౌరుడికి ఆ దేశ ప్రభుత్వం అన్యాయం చేస్తే, మన ప్రభుత్వం అతని తరఫున ఆ ప్రభుత్వాన్ని నిలదీయడాన్ని దౌత్య రక్షణ అంటారు. మాటలతో అడగొచ్చు, మధ్యవర్తుల ముందుకి తీసుకెళ్ళొచ్చు, రెండు దేశాలూ ఒప్పుకుని ఉంటే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికీ వెళ్ళొచ్చు. దీనికి రెండు గుమ్మాలు దాటాలి. ఒకటి, నష్టపోయిన మనిషి ఆ అడిగే దేశపు పౌరుడై ఉండాలి. నష్టం జరిగిన రోజున మాత్రమే కాదు, ఆ దేశం అధికారికంగా దావా వేసే రోజు దాకా ఉండాలి. రెండోది, ఆ మనిషి అక్కడి కోర్టుల్లో దొరికే దారులన్నీ ముందు ప్రయత్నించి ఉండాలి. కింది కోర్టు, పై కోర్టు, ఇంకా పైన ఏదైనా ఉంటే అది కూడా.

అన్నయ్య విషయంలో ఈ గుమ్మాల కంటే ముందే ఒక చిక్కు ఉంది. జీతం ఎగ్గొట్టింది ఒక ప్రైవేటు కంపెనీ. ఆ దేశ ప్రభుత్వం కాదు. ఆ కంపెనీ చేసిన తప్పుకి ఆ దేశం నేరుగా బాధ్యత వహించదు. అన్నయ్య అక్కడి కోర్టుకి వెళ్ళి, ఆ కోర్టు అతని ఫిర్యాదు తీసుకోకపోయినా, ఏళ్ళ తరబడి నానబెట్టినా, విదేశీ కూలీ అని వివక్ష చూపినా అప్పుడు అది ఆ దేశం తప్పు అవుతుంది. దాన్ని న్యాయ నిరాకరణ అంటారు. అంటే అతనికి కోర్టు అనేది దారిలో అడ్డుపడిన మెట్టు మాత్రమే కాదు, ఆ దేశం తప్పు చేసిందా లేదా అన్నది పుట్టేదే అక్కడ. ఇది నేను చాలా ఏళ్ళు క్లాసులో సరిగ్గా విడదీసి చెప్పలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక ఆ నియమాల వెనకున్న ఊహ. 1924లో గ్రీసు దేశం బ్రిటన్ మీద వేసిన మావ్రొమాటిస్ కేసులో అప్పటి అంతర్జాతీయ శాశ్వత న్యాయస్థానం ఒక సూత్రం చెప్పింది. ఒక దేశం తన పౌరుడి తరఫున నిలబడినప్పుడు నిజానికి అది తన సొంత హక్కునే అడుగుతోంది అని. తన పౌరుల విషయంలో అంతర్జాతీయ న్యాయాన్ని పాటించాలని కోరే హక్కు ఆ దేశానిది అన్నమాట. అప్పట్లో బ్రిటన్ పాలనలో ఉన్న పాలస్తీనాలో కాంట్రాక్టులు పోగొట్టుకున్నది ఒక గ్రీకు వ్యాపారి. కానీ కోర్టు కళ్ళకి అక్కడ నిలబడింది గ్రీసు. ఈ ఊహ అవసరం ఎందుకొచ్చిందంటే అప్పట్లో అంతర్జాతీయ న్యాయంలో మనిషికి సొంతంగా నోరు లేదు. దేశం నోటితోనే మాట్లాడాలి.

ఈ ఊహని లాటిన్ అమెరికా దేశాలు ఎలా అనుభవించాయో తెలియకపోతే దాన్ని ఎదిరించిన కాల్వో అనే న్యాయవేత్త వాదం అర్థం కాదు. మెక్సికోలో నష్టపోయిన తన పౌరులకి 6 లక్షల పెసోలు ఇవ్వాలని ఫ్రాన్సు అడిగింది. ఆ పౌరుల్లో ఒక మిఠాయి దుకాణం యజమాని కూడా ఉన్నాడు. మెక్సికో కాదంది. 1838లో ఫ్రెంచి నౌకలు ఓడరేవుల్ని దిగ్బంధించి, వెరాక్రూజ్ ముందున్న కోటని ఫిరంగులతో కొట్టాయి. చివరికి మెక్సికో డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళ తర్వాత జెకర్ అనే స్విట్జర్లాండ్ బ్యాంకరు అంతర్యుద్ధంలో ఉన్న ఒక మెక్సికన్ ప్రభుత్వానికి కొద్దిపాటి నగదు ఇచ్చి, దానికి ఎన్నో రెట్ల విలువున్న బాండ్లు రాయించుకున్నాడు. ఆ ప్రభుత్వం పడిపోయింది. ఆ బాండ్లు వసూలు చేయించే పని ఫ్రాన్సు నెత్తినేసుకుంది. 1862లో జెకర్ ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నాడు. అదే ఏడాది ఫ్రెంచి సైన్యం మెక్సికో లోపలికి నడిచింది. అప్పు పుట్టిన రోజున లేని పౌరసత్వం వసూలు వేళకి వచ్చిందన్నమాట. నష్టం జరిగిన రోజు నుంచి దావా వేసే రోజు వరకూ పౌరసత్వం తెగకుండా ఉండాలని ఎందుకు పట్టుబడతారో విద్యార్థులకి చెప్పడానికి నేను జెకర్ కథే చెబుతాను. లేకపోతే నష్టపోయిన ప్రతివాడూ ఎక్కువ ఫిరంగులున్న దేశాన్ని వెతుక్కుంటాడు.

కార్లోస్ కాల్వో అర్జెంటీనా న్యాయవేత్త, దౌత్యవేత్త. 1868లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వాదం సూటిగా ఉంది. ఒక దేశంలో వ్యాపారానికొచ్చిన విదేశీయుడికి ఆ దేశపు మనిషికి ఉన్న హక్కులే ఉంటాయి, అంతకంటే ఎక్కువ ఉండవు. గొడవొస్తే అక్కడి కోర్టుకే వెళ్ళాలి, సొంత ప్రభుత్వాన్ని పిలవకూడదు. అమెరికా, ఐరోపా దేశాలు ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. స్థానికుడికి ఎంత అన్యాయం జరిగితే విదేశీయుడికీ అంతే జరగొచ్చంటే కుదరదు, ఏ దేశమైనా దిగజారకూడని ఒక కనీస స్థాయి ఉందన్నాయి. సిద్ధాంతంగా ఒప్పుకోనిదాన్ని లాటిన్ అమెరికా దేశాలు కాంట్రాక్టుల్లోకి తెచ్చాయి. మాతో పని కావాలంటే ఈ క్లాజు మీద సంతకం పెట్టు అన్నాయి. అదే కాల్వో క్లాజు. 1917 నాటి మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణలో కూడా అదే ఉంది. భూమి కొనే విదేశీయుడు ఆ ఆస్తి విషయంలో తనని మెక్సికన్‌గానే భావించుకుంటానని, తన ప్రభుత్వాన్ని పిలవనని ఒప్పుకోవాలి. మాట తప్పితే ఆస్తి పోతుంది.

ఈ క్లాజుకి విలువుందా లేదా అన్న చర్చకి కేంద్రంగా నిలిచిన కేసు ఒక డ్రెడ్జర్ కేసు. విశాఖలో పుట్టి పెరిగినవాడిని కాబట్టి దాన్ని చదివినప్పుడల్లా మా హార్బర్ నోట్లో ఇసుక తోడే ఓడలే కళ్ళముందు తిరుగుతాయి. సముద్రం తెచ్చి పోసే ఇసుకని ఎప్పటికప్పుడు తీయకపోతే రేవు మూతబడుతుందని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. మెక్సికో పసిఫిక్ తీరంలో సలీనా క్రూజ్ అనే రేవుంది. అట్లాంటిక్ వైపు నుంచి రైల్లో వచ్చే సరుకు అక్కడ ఓడెక్కేది. ఆ రేవులో పూడిక తీయడానికి టెక్సాస్‌కి చెందిన నార్త్ అమెరికన్ డ్రెడ్జింగ్ కంపెనీ 1912 నవంబరు 23న మెక్సికో నగరంలో మెక్సికో ప్రభుత్వంతో కాంట్రాక్టు రాసుకుంది. మెక్సికో అప్పుడు విప్లవం మధ్యలో ఉంది. ఇంకో మూడు నెలలకే అధ్యక్షుడు మదేరోని కూలదోసి చంపేశారు. మెక్సికో ప్రభుత్వం కాంట్రాక్టుని ఉల్లంఘించిందని, తనకి 2,33,523 డాలర్ల 30 సెంట్ల నష్టం వచ్చిందని కంపెనీ తర్వాత లెక్క చూపింది.

కంపెనీ మెక్సికో కోర్టు గడప తొక్కలేదు. నేరుగా వాషింగ్టన్‌కి వెళ్ళింది. 1923 సెప్టెంబరులో అమెరికా, మెక్సికో ఒక ఒప్పందం చేసుకుని ఇలాంటి పాత దావాలన్నీ తేల్చడానికి ఒక ఉమ్మడి కమిషన్ పెట్టాయి. ఆ కమిషన్‌కి డచ్ పండితుడు కార్నెలిస్ వాన్ వొలెన్‌హోవెన్ అధ్యక్షుడు, ఎడ్విన్ పార్కర్ అమెరికా తరఫు, హెనారో ఫెర్నాండెజ్ మాక్‌గ్రెగర్ మెక్సికో తరఫు సభ్యులు. ఒప్పందంలో ఐదో అధికరణ కంపెనీకి కొండంత అండ. స్థానిక కోర్టుల దారులన్నీ వాడుకోలేదన్న కారణంతో ఏ దావానీ కొట్టెయ్యకూడదని దానిలో రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. అంటే రెండో గుమ్మాన్ని ఒప్పందమే తీసేసింది. కంపెనీ అమెరికాదే కాబట్టి మొదటి గుమ్మం ఎలాగూ దాటింది.

మెక్సికో చూపించింది కాంట్రాక్టులోని 18వ క్లాజు. దాని సారం చెబుతాను. ఈ పనికి, ఈ కాంట్రాక్టు అమలుకి సంబంధించినంత వరకూ కాంట్రాక్టరునీ అతని ఉద్యోగుల్నీ మెక్సికన్లుగానే చూడాలి. మెక్సికో చట్టాలు మెక్సికన్లకిచ్చిన హక్కులు, మార్గాలు తప్ప వేరేవి వాళ్ళకి ఉండవు. విదేశీయులుగా వాళ్ళకుండే హక్కులు ఉండవు. ఈ కాంట్రాక్టుకి సంబంధించిన ఏ విషయంలోనూ విదేశీ దౌత్య ప్రతినిధుల జోక్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ అనుమతించరు.

1926 మార్చి 31న కమిషన్ తీర్పిచ్చింది. దావా చెల్లదంది. అమెరికా సభ్యుడు పార్కర్ కూడా ఆ ఫలితాన్ని ఒప్పుకున్నాడు. తీర్పు నడిచిన దారిని నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే అసలు గొడవంతా ఆ దారిలోనే ఉంది.

కమిషన్ రెండు అతివాదాల్నీ పక్కనపెట్టింది. ఈ క్లాజు మొత్తం చెల్లుతుందని మెక్సికో అంటే ఒప్పుకోలేదు. అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘిస్తే తన పౌరుణ్ణి కాపాడే హక్కు అమెరికాది, ఒక కంపెనీ సంతకంతో అది పోదు. మొత్తం చెల్లదని అమెరికా అన్నదానికీ ఒప్పుకోలేదు. కంపెనీ తనకి సంబంధించినంత వరకూ ఒక మాట ఇచ్చింది, కాంట్రాక్టు గొడవల్లో మెక్సికో కోర్టులకే వెళ్తానని, సొంత ప్రభుత్వాన్ని పిలవనని. ఆ మాట తనని కట్టి ఉంచుతుంది. కంపెనీ మెక్సికో కోర్టుకి వెళ్ళి, అక్కడ న్యాయ నిరాకరణ జరిగి ఉంటే అప్పుడు అమెరికా అడ్డూ అదుపూ లేకుండా రావచ్చు. ఎందుకంటే అప్పుడు ఫిర్యాదు కాంట్రాక్టు గురించి కాదు, కోర్టు తలుపు మూసేయడం గురించి. కానీ కంపెనీ 18వ క్లాజు అసలు లేనట్టే ప్రవర్తించింది.

మరి ఐదో అధికరణ? ఇక్కడ వాన్ వొలెన్‌హోవెన్ ఒక మెలిక వేశాడు. ఐదో అధికరణ వర్తించాలంటే ముందు అది మొదటి అధికరణ కిందకి వచ్చే దావా అయి ఉండాలి. మొదటి అధికరణ చెప్పేది పౌరులు తమ ప్రభుత్వం ముందు పెట్టిన దావాల గురించి. ఈ కంపెనీ తన ప్రభుత్వం ముందు పెట్టనని మాటిచ్చింది. పెట్టే హక్కు లేనివాడు పెట్టిన దావా మొదటి అధికరణ కిందకే రాదు. ఇక ఐదో అధికరణ దాకా వెళ్ళే పనే లేదు.

ఈ తీర్పు మీద కోపం త్వరలోనే వచ్చింది. 1931లో ఇంటర్నేషనల్ ఫిషరీస్ కంపెనీ కేసులో మెజారిటీ ఇదే దారిలో నడిస్తే, అమెరికా సభ్యుడు ఫ్రెడ్ నీల్సన్ ఘాటైన భిన్నాభిప్రాయం రాశాడు. అలాంటి వాళ్ళ వాదం నాకు అర్థమవుతుంది. హక్కు దేశానిదని మావ్రొమాటిస్ చెప్పింది. తనది కానిదాన్ని కంపెనీ ఎలా వదులుకుంటుంది? రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టిన ఒప్పందంలోని ఐదో అధికరణని ఒక ప్రైవేటు కాంట్రాక్టు ఎలా పక్కన పెడుతుంది? ఇంకో వాదం కూడా ఉంది. స్థానిక కోర్టులకి ముందు వెళ్ళాలన్నది ఎలాగూ మామూలు నియమమే. న్యాయ నిరాకరణ జరిగితే దేశం రావచ్చన్నదీ ఎలాగూ ఉన్నదే. అలాంటప్పుడు కాల్వో క్లాజు కొత్తగా చేర్చేదేమిటి? ఈ రెండో ప్రశ్నకి నా సమాధానం చిన్నది. మామూలు నియమాన్ని దేశాలు ఒప్పందంతో తీసేసినప్పుడు మాత్రమే ఆ క్లాజు పని చేస్తుంది. సలీనా క్రూజ్‌లో సరిగ్గా అదే జరిగింది.

మొదటి ప్రశ్న దగ్గర మాత్రం నేను నీల్సన్ పక్షాన నిలబడలేను. హక్కు దేశానిదే, పౌరుడు దాన్ని తాకలేడు అన్న మాట వినడానికి పద్ధతిగా ఉంటుంది కానీ మిగతా నియమాలు ఆ మాటని నిలబెట్టవు. నిజంగా హక్కు దేశానిదే అయితే, పౌరుడు అక్కడి కోర్టుకి వెళ్ళాడా లేదా అన్నదానితో దేశానికి పనేమిటి? ఒక మనిషి అప్పీలు గడువు దాటబెట్టుకుంటే దేశం హక్కు కూడా పోతుంది. ఆ తప్పు చేసింది దేశం కాదు. పౌరసత్వం సంగతీ అంతే. మన కాకినాడ కుర్రాడొకడు భారత పౌరుడిగా ఒక మూడో దేశంలో వ్యాపారం పెట్టి, ఆ ప్రభుత్వం అన్యాయంగా ఆస్తి లాక్కుందనుకుందాం. కోర్టుల్లో ఏళ్ళు గడిచాయి. ఈలోగా అతను అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం ఆ క్షణమే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ఉంటే వీసా గొడవ ఉండదు, అంతే. అది పౌరసత్వం కాదు. ఇక భారత్ దావా వేయలేదు, ఎందుకంటే అతను ఇప్పుడు మనవాడు కాదు. పాత నియమం ప్రకారం అమెరికా కూడా వేయలేదు, నష్టం జరిగిన రోజున అతను వాళ్ళవాడు కాదు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 2006లో తయారుచేసిన ముసాయిదా ఈ కాఠిన్యాన్ని కొంచెం తగ్గించింది. దావా కోసం కాకుండా వేరే కారణంతో పౌరసత్వం మారి ఉంటే కొత్త దేశం అడగొచ్చంది. జెకర్ లాంటివాడికి మాత్రం ఆ సందు లేదు. కానీ ఇక్కడ మనం చూడాల్సింది వేరు. ఒక మనిషి డాలస్‌లో చేయెత్తి ప్రమాణం చేస్తే ఢిల్లీకున్న హక్కు మాయమైంది. ఢిల్లీని ఎవరూ అడగలేదు.

హక్కు దేశానిది అంటూనే, దాని తాళంచెవి మనిషి చేతిలోనే ఉంచాం. గడువు దాటబెట్టి మూసేయొచ్చు, పౌరసత్వం మార్చి మూసేయొచ్చు. అలాంటప్పుడు తెలిసి, చదివి, లాభం కోసం రాసిచ్చిన మాటతో మాత్రం మూసేయలేడని ఎలా అంటాం? డ్రెడ్జింగ్ కంపెనీని ఎవరూ బలవంతంగా సలీనా క్రూజ్‌కి తీసుకెళ్ళలేదు. వకీళ్ళతో వచ్చింది, ప్రభుత్వంతో కూర్చుని కాంట్రాక్టు రాసుకుంది, 18వ క్లాజు వల్ల వచ్చే రిస్కు కూడా ధరలో కలుపుకునే అవకాశం దానికి ఉంది. అందుకే వాన్ వొలెన్‌హోవెన్ తీర్పు సరైనదని నా నమ్మకం. క్లాజు చెల్లేది ఆ కాంట్రాక్టు వరకే, అది కూడా కోర్టు తలుపు నిజంగా తెరిచి ఉన్నంత వరకే అన్న రెండు హద్దులతో కలిపి చదివితేనే.

ఆ రెండో హద్దు గురించి ఇంకొంచెం చెప్పాలి. తలుపు తెరిచి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అహ్మదూ సాదియో దియాలో. గినీ దేశస్థుడు. 1964 నుంచి కాంగోలో, అంటే తర్వాత కొన్నాళ్ళు జైర్ అనిపించుకున్న దేశంలో, ఉండి రెండు కంపెనీలు నడిపాడు. ఆ దేశ ప్రభుత్వం నుంచి, పెద్ద కంపెనీల నుంచి రావలసిన బాకీల కోసం కోర్టుల్లో పోరాడుతుండగా 1995 నవంబరులో అతన్ని అరెస్టు చేశారు. 1996 జనవరి 31న దేశం నుంచి పంపేశారు. గినీ అతని తరఫున అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. కాంగో సహజంగానే మా కోర్టులకి వెళ్ళలేదని అడ్డు చెప్పింది.

2007లో కోర్టు ఆ అడ్డు తీసేసిన తీరు చూడండి. నిజంగా జరిగింది బహిష్కరణ. కానీ విమానాశ్రయంలో అతని చేతిలో పెట్టిన కాగితం మీద "ప్రవేశ నిరాకరణ" అని రాశారు. కాంగో చట్టంలో ప్రవేశ నిరాకరణ మీద అప్పీలు లేదు. ఆ మాట పొరపాటున రాశాం, అది బహిష్కరణే కాబట్టి దానికి దారులున్నాయి అని కాంగో అంది. మీ అధికారి రాసిన కాగితం మీద మీరే పొరపాటని చెప్పి లాభం పొందలేరని కోర్టు జవాబిచ్చింది. ప్రధానమంత్రికి అర్జీ పెట్టుకుని పునరాలోచించమని అడగొచ్చు కదా అంటే, అది దయ అడగడం, న్యాయమార్గం కాదంది. ఇచ్చి తీరాలన్న బాధ్యత లేనివాడి ముందు చేయి చాచడాన్ని పరిష్కారం అనరు. మొదటి గుమ్మం దగ్గర మాత్రం గినీ సగం ఓడింది. అతని రెండు కంపెనీలూ కాంగోలో నమోదైనవి, కాబట్టి అవి కాంగో పౌరులే. వాటి నష్టం గినీ అడగలేదు. మిగిలింది దియాలో అనే మనిషికి జరిగింది మాత్రమే. 2012లో కోర్టు పరిహారం తేల్చింది. మానసిక క్షోభకి 85,000 డాలర్లు, సామాన్లకి 10,000. కలిపి 95,000. అరెస్టైనప్పటి నుంచి అక్కడికి పదహారేళ్ళు పట్టింది.

ఇదంతా దూరదేశాల గొడవ అనుకోవద్దు. మన దేశం ఒకప్పటి మెక్సికో కుర్చీలో కూర్చుంది. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కోల్ ఇండియా మీద 2002లో మధ్యవర్తిత్వంలో గెలిచింది. ఆ తీర్పు అమలు కోసం మన కోర్టులకి వస్తే ఏళ్ళు గడిచినా తేలలేదు. అప్పుడా కంపెనీ రెండు దేశాల మధ్య ఉన్న పెట్టుబడి ఒప్పందం కింద భారత్ మీదే కేసు వేసి 2011లో గెలిచింది. ఆ ట్రిబ్యునల్ అది న్యాయ నిరాకరణ స్థాయికి చేరలేదంది, కానీ హక్కు అమలుకి సమర్థమైన మార్గం ఇవ్వలేదని తప్పుపట్టింది. పెట్టుబడి ఒప్పందాల కింద ఇలా కంపెనీ తన పేరుతో తానే దేశం మీదకి రావచ్చు, సొంత ప్రభుత్వం అక్కర్లేదు. ఇలాంటి దెబ్బల తర్వాత భారత్ తన కొత్త నమూనా ఒప్పందంలో ఒక షరతు పెట్టింది. విదేశీ పెట్టుబడిదారు ముందు మన కోర్టుల్లో కనీసం ఐదేళ్ళు ప్రయత్నించాలి. 2024లో అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలో దాన్ని మూడేళ్ళకి తగ్గించారు. కాల్వో పేరు ఎక్కడా లేదు కానీ ఆలోచన ఆయనదే.

నాకు ఆ షరతు మీద అభ్యంతరం లేదు. మన చట్టాల కింద వ్యాపారం చేసేవాడు మన కోర్టుకి రావాలనడం న్యాయమే. నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. ఇదే భారతదేశం అన్నయ్య లాంటివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అవతలి దేశం కోర్టు తలుపు నిజంగా తెరిచి ఉందా లేదా అని అడగడం మానేస్తుంది. పెద్ద కంపెనీకి మూడేళ్ళంటే వకీళ్ళ ఫీజు. వీసా కంపెనీ చేతిలో ఉన్న కూలీకి మూడు నెలలే ఎక్కువ. జీతం ఆగిన మనిషి ఉండటానికి గది లేదు, వేరేచోట పని చేస్తే నేరం, దేశం వదిలితే కేసు వాయిదాకి రాలేడు. 2006 ముసాయిదా 15వ అధికరణ దీనికి దారి చూపుతోంది. సమర్థమైన పరిష్కారం దొరికే సహేతుకమైన అవకాశం లేకపోతే, లేదా అనవసర జాప్యం జరిగితే, స్థానిక మార్గాలు పూర్తి చేయాల్సిన పని లేదంటుంది. ఆ "సహేతుకం" అన్న మాటని లేబర్ క్యాంపులో నిలబడి చదవాలి. కాగితం మీద అప్పీలు కోర్టు ఉందా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఈ మనిషి అక్కడి దాకా చేరగలడా అన్నది చూడాలి. మన ప్రభుత్వం అలా వాదిస్తే కాదనడానికి ఏ సూత్రమూ అడ్డు రాదు. అన్నీ ఉన్నా వాదించాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం, పౌరుడు కోర్టుకెళ్ళి దౌత్య రక్షణ ఇప్పించమని గట్టిగా అడగలేడు. హక్కు దేశానిది అన్న ఊహకి మనం కట్టే అసలు మూల్యం ఇదే.

అన్నయ్య లేబర్ కోర్టులో కేసు వేశాడు. ఎంబసీ ఆయన చెప్పినట్టే ఫారం నింపాడు, దుబాసీకి డబ్బు కట్టాడు. రెండు వాయిదాలు నడిచాయి. మూడో వాయిదాకి ముందు కంపెనీ మనిషి క్యాంపుకొచ్చి, నాలుగు నెలల జీతం, విమానం టికెట్టు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. కాగితం అరబిక్‌లో ఉంది. అతను సంతకం పెట్టి వచ్చేశాడు. ఇంటికొచ్చాక దాని ఫోటో నాకు పంపితే, అరబిక్ తెలిసిన ఒక మిత్రుడి చేత చదివించాను. నాకు రావలసినదంతా అందింది, ఈ విషయమై ఏ కార్యాలయంలోనూ ఇక అడగను అని ఉంది.

టెక్సాస్ కంపెనీ సంతకాన్ని సమర్థించినవాడిని, దీన్ని సమర్థించలేను. అక్కడ సంతకం ప్రభుత్వంతో, పని మొదలుకాకముందు, చదివి పెట్టినది. ఇక్కడ సంతకం ప్రైవేటు యజమానితో, పనైపోయాక, ఆకలి మీద, చదవలేని భాషలో. అన్నయ్య సంతకం కంపెనీ మీద తనకున్న బాకీని అక్కడి చట్టం ప్రకారం తుడిచేసి ఉండొచ్చు. ఆ దేశ ప్రభుత్వం కూలీల కోర్టుల్ని ఎలా నడుపుతోందో భారత్ అడిగే హక్కుని మాత్రం అది తాకలేదు.

"ఏం రాసుందిరా?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ మూడో వాయిదా తేదీ ఏ రోజో గుర్తుందని, ఆ రోజు తాను విమానంలో ఉన్నానని అన్నాడు.